లావెండర్ వాసనకు చిట్టెలుక ధైర్యం

చిట్టెలుకకు ఆందోళనగా ఉందో లేదో దాన్ని అడిగి తెలుసుకోలేం. దాని నడకను చూసి పసిగట్టాలి. అందుకు ప్రయోగశాలల్లో వాడే ఒక పరికరం కూడిక గుర్తు ఆకారంలో ఉంటుంది. నేలకు ఎత్తుగా నిలబెట్టిన ఈ నాలుగు దారుల్లో రెండింటికి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. బోసిగా ఉన్న ఆ రెండు దారుల మీద నడిచే ఎలుకకు పక్కనంతా శూన్యమే. ఎలుక సహజంగా గోడల మధ్య నక్కి ఉంటుంది. బయటి దారి మీదికి వచ్చి అటూ ఇటూ తిరిగితే దాని భయం తగ్గిందని లెక్క. ఇలాంటిదే ఇంకో పరికరం ఒక పెట్టె. సగం చీకటి, సగం వెలుతురు. వెలుతురు గదిలో ఎంతసేపు గడిపిందన్నదే అక్కడ కొలత.

జపాన్ దక్షిణాన కగోషిమా విశ్వవిద్యాలయంలో హారాడా, కషివదాని తదితరులు ఈ రెండు పరికరాలూ వాడి, 2018లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు ఎలుకలకు మందేమీ ఎక్కించలేదు, తినిపించనూ లేదు. లినలూల్ అనే ద్రవం నుంచి లేచే ఆవిరిని కాసేపు పీల్చనిచ్చి, ఆ తర్వాత పరీక్ష పెట్టారు. ఆవిరి పీల్చిన ఎలుకలు వెలుతురులో ఎక్కువసేపు తిరిగాయి, గోడల్లేని దారి మీదికి ఎక్కువగా వచ్చాయి. నడకలో తూలడం గానీ, కాళ్లు తడబడటం గానీ లేదు. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి. దాని అవసరం తర్వాత పడుతుంది.

లినలూల్ అంటే లావెండర్ నూనెలో ఉండే ఒక ఆల్కహాల్. మత్తు పానీయంలోని ఆల్కహాల్ కాదు, రసాయన కుటుంబం మాత్రం అదే. పది కార్బన్ పరమాణువులున్న చిన్న పదార్థం. తేలికైనది కాబట్టి గాల్లోకి సులువుగా లేస్తుంది. మంచి లావెండర్ నూనెలో పాతిక నుంచి ముప్పై ఎనిమిది శాతం దాకా ఇదే ఉంటుంది. ఇంచుమించు అంతే పాలు లినలిల్ ఎసిటేట్ అనే దాని చుట్టం ఉంటుంది. లావెండర్ వాసనంటే మనకు తెలిసేది ప్రధానంగా ఈ రెండింటి కలయిక.

లావెండర్ బెంగ తీరుస్తుందన్న మాట యూరప్‌లో పాతదే. కొత్తది ఆ మాటకు మెదడులో ఒక చిరునామా వెతకడం. ఆ చిరునామాగా ఎక్కువసార్లు వినిపించే పేరు గాబా-ఏ గ్రాహకం.

మెదడులో నాడీకణాలు ఒకదాన్నొకటి ప్రేరేపించుకోవడమే కాదు, ఒకదాన్నొకటి అదుపు కూడా చేసుకుంటాయి. అదుపు చేసే సందేశాన్ని మోసే ముఖ్యమైన రసాయనం గాబా. అది పక్క కణం మీదున్న గ్రాహకానికి తగలగానే, ఐదు ముక్కలు గుండ్రంగా కూడి ఏర్పడిన ఆ గ్రాహకం మధ్యలో సన్నని దారి తెరుచుకుంటుంది. అందులోంచి క్లోరైడ్ అయాన్లు లోపలికి దూరతాయి. అవి రుణావేశం ఉన్నవి కాబట్టి కణం లోపల విద్యుత్తు మరింత కిందికి దిగి, ఆ కణం తేలిగ్గా ఉత్తేజం పొందలేని స్థితికి వస్తుంది. భయానికి సంబంధించిన అమిగ్డలా లాంటి చోట్ల ఇది జరిగితే ఆందోళన తగ్గుతుంది. మెదడంతటా బలంగా జరిగితే నిద్ర ముంచుకొస్తుంది, కాళ్లు తూలతాయి.

డాక్టర్లు ఆందోళనకు రాసే డయాజెపామ్, లోరాజెపామ్, ఆల్ప్రజోలం వంటి బెంజోడయజపీన్ మాత్రలు పనిచేసేది ఈ గ్రాహకం మీదే. కానీ గాబా కూర్చునే చోట అవి కూర్చోవు. పక్కనే వాటికి వేరే స్థానముంది. అక్కడ కూర్చుని, గాబా వచ్చినప్పుడు దారి మరింత తరచుగా తెరుచుకునేలా చేస్తాయి. బిగుసుకున్న తలుపు బందులకు నూనె వేస్తే తలుపు దానంతటది తెరుచుకోదు, తోసేవాడి పని సులువవుతుంది. అలాంటిదే ఇదీ. అందుకే ఈ మాత్రలు వేగంగా పనిచేస్తాయి. అందుకే మగతా తెస్తాయి, కొన్ని వారాలు వాడితే అలవాటు పడే ప్రమాదమూ ఉంది. కగోషిమా ఎలుకలు తూలకపోవడం పరిశోధకులకు ఎందుకు ఆసక్తి కలిగించిందో ఇప్పుడు అర్థమవుతుంది. భయం తగ్గాలి, మత్తు రాకూడదు. ఈ రెండూ కలిసి దొరకడం ఈ రంగంలో అరుదు.

ఎలుక ధైర్యం తెచ్చుకుందని చూపడంతో వాళ్లు ఆగి ఉంటే అది మామూలు ప్రయోగమే. ఆ తర్వాత వేసిన రెండు ప్రశ్నల వల్లే దానికి విలువొచ్చింది.

మొదటిది దారి గురించి. ఆవిరి పీల్చినప్పుడు లినలూల్ రెండు దారుల్లో మెదడు చేరవచ్చు. ఊపిరితిత్తుల్లోంచి రక్తంలో కలిసి, రక్తంతోపాటు మెదడుకు వెళ్లి, అక్కడ మాత్రలోని మందులాగే పనిచేయవచ్చు. లేదా అణువు ముక్కు దగ్గరే ఆగిపోవచ్చు. ముక్కు లోపలి పైభాగంలో వాసన పసిగట్టే కణాలకు అది తగిలితే, అక్కణ్ణుంచి మెదడుకు వెళ్లేది అణువు కాదు, నాడీ సంకేతం. వాసన సంకేతానికి మెదడులో ఒక ప్రత్యేకత ఉంది. చూపు, వినికిడి వంటివి ముందు థాలమస్ అనే కూడలికి వెళ్లి అక్కణ్ణుంచి పంపిణీ అవుతాయి. వాసన మాత్రం ఘ్రాణ కందం నుంచి అమిగ్డలా ప్రాంతానికి, దాని పరిసరాలకు దాదాపు నేరుగా వెళ్తుంది.

ఈ రెండు దారుల్లో ఏదో తేల్చడానికి కొన్ని ఎలుకలకు ముక్కులోని వాసన పొరను దెబ్బతీశారు. వాటికి వాసన తెలియదు, ఊపిరి మాత్రం మామూలే. లినలూల్ రక్తంలో కలిసి పనిచేస్తుంటే ఈ ఎలుకలకూ ధైర్యం రావాలి. రాలేదు. వాసన తెలియని ఎలుక ఆవిరి పీల్చినా గోడల మధ్యే ఉండిపోయింది. అంటే ఇక్కడ పనిచేసింది ఒంట్లోకి వెళ్లిన రసాయనం కాదు, వాసన.

రెండో ప్రశ్న గ్రాహకం గురించి. ఆసుపత్రుల్లో ఫ్లూమజెనిల్ అనే మందు ఉంటుంది. బెంజోడయజపీన్ మోతాదు మించి మత్తులో పడిపోయిన మనిషికి విరుగుడుగా ఇస్తారు. బెంజోడయజపీన్ కూర్చునే స్థానంలో అది కూర్చుని, ఏ పనీ చేయకుండా, వేరే మందుకు చోటు లేకుండా చేస్తుంది. ఆ ఎలుకలకు ముందుగా ఫ్లూమజెనిల్ ఇచ్చి తర్వాత లినలూల్ వాసన చూపించారు. వాసన ప్రభావం మాయమైంది. దీంతో, లినలూల్ వాసన తెచ్చే ప్రశాంతత బెంజోడయజపీన్‌కు స్పందించే గాబా-ఏ గ్రాహకాల మీదుగానే నడుస్తోందని వాళ్లు తేల్చారు.

ఇంతవరకు వచ్చిన వార్తలు చాలావరకు ఇక్కడే ఆగి, లావెండర్ అచ్చం డయాజెపామ్‌లా పనిచేస్తుందని శీర్షిక పెట్టేశాయి. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి ఫలితం ప్రకారం లినలూల్ అణువు మెదడుకు చేరాల్సిన పనే లేదు. చేరాల్సిన పనే లేనప్పుడు ఆ గ్రాహకం మీద కూర్చున్నది లినలూల్ ఎలా అవుతుంది? పోనీ, వాసన సంకేతం వల్ల మెదడులో గాబా ఎక్కువగా విడుదలైంది అనుకుందాం. అప్పుడు మరో చిక్కు. ఫ్లూమజెనిల్ గాబాను అడ్డుకోదు, బెంజోడయజపీన్ స్థానాన్ని మాత్రమే అడ్డుకుంటుంది. గాబా ఒక్కటే పెరిగి ఉంటే ఫ్లూమజెనిల్ వేసినా ప్రభావం మిగలాలి. మిగలలేదు కాబట్టి ఆ స్థానంలో ఇంకేదో కూర్చుంటోందని అనుమానించాలి. ఆ స్థానానికి అతుక్కునే పదార్థాలను మెదడు తనంతట తానే తయారుచేసుకుంటుందన్న ఆలోచన ఈ రంగంలో ఎప్పట్నుంచో ఉంది. వాసన వాటిని విడుదల చేయిస్తోందా అన్నది ఇంకా తేలని ప్రశ్న. సరిగ్గా చెప్పాలంటే, గాబా-ఏ గ్రాహకం ఈ కథలో ఉందని తెలిసింది, దాన్ని తాకింది ఎవరో తెలియలేదు.

లినలూల్ ఈ గ్రాహకాన్ని నేరుగా తాకలేదా? తాకగలదు. గాజు పాత్రలో పెంచిన కణాల మీద గ్రాహకాలను పుట్టించి, గాబాతోపాటు లినలూల్ కలిపి చూసిన ప్రయోగాల్లో క్లోరైడ్ ప్రవాహం పెరిగింది. కానీ పాత్రలో ఎంత కావాలంటే అంత పోయవచ్చు. మనిషి ఒంట్లో అంత చేరుతుందా అన్నదే ప్రశ్న. దీనికి పాత కొలత ఒకటి ఉంది. 1992లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఒక మగమనిషి పొట్ట మీద లావెండర్ నూనె కలిపిన నూనెతో మర్దన చేసి, ఎప్పటికప్పుడు రక్తం తీసి చూశారు. దాదాపు పంతొమ్మిదో నిమిషానికి లినలూల్ అత్యధిక స్థాయికి చేరింది. ఆ స్థాయి మిల్లీలీటరుకు నూరు నానోగ్రాములకు దగ్గర. రక్తమంతా కలిపి లెక్కేసినా అర మిల్లీగ్రాము. గంటన్నరకల్లా దాదాపుగా పోయింది. పాత్రల్లో గ్రాహకాన్ని కదిలించడానికి వాడిన సాంద్రతలతో పోలిస్తే ఇది చాలా పల్చన. మర్దనలో వాసన ముక్కుకు తగలకుండా ఉండదు కూడా. కాబట్టి మర్దన చేయించుకుని ఎవరికైనా హాయిగా అనిపిస్తే, ఆ హాయిని చర్మం తెచ్చిందా, ముక్కు తెచ్చిందా, మర్దన చేసిన చెయ్యి తెచ్చిందా అన్నది విడదీయడం కష్టం.

ఇంకో అడ్డంకీ ఉంది. 2017లో స్పెయిన్, డెన్మార్క్ శాస్త్రవేత్తలు లావెండర్ నూనెను మెదడులోని వేర్వేరు గ్రాహకాల మీద పరీక్షించారు. గాబా-ఏ గ్రాహకానికి అది అతుక్కోలేదు. అతుక్కున్నది ఎన్‌ఎండీఏ అనే గ్లుటమేట్ గ్రాహకానికి, సెరటోనిన్‌ను కణంలోకి తిరిగి తీసుకెళ్లే రవాణా ప్రోటీన్‌కు. ప్రేరేపించే వైపు పగ్గం బిగిసినా, అదుపుచేసే వైపు బలం పెరిగినా పైకి కనిపించే ఫలితం ఒకటే, ప్రశాంతత. పైకి చూసి లోపలి దారి చెప్పలేం.

మరి మనుషుల మీద రుజువులేమీ లేవా? ఉన్నాయి, కానీ బలమైనవి వాసనవి కావు. అవి మింగే గొట్టం మాత్రవి. జర్మనీలో ఒక కంపెనీ లావెండర్ నూనెను నిర్దిష్ట ప్రమాణంతో సిలెక్సాన్ పేరిట తయారుచేసి, ఎనభై మిల్లీగ్రాముల మెత్తని గొట్టాలుగా అమ్ముతోంది. అక్కడ అది మందుగా అనుమతి పొందినది. 2014లో ప్రచురితమైన ఒక పరీక్షలో, నిత్యం ఏదో ఒక దిగులుతో సతమతమయ్యే రుగ్మత ఉన్న 539 మందిని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజుకు 160 మిల్లీగ్రాముల సిలెక్సాన్, ఇంకో జట్టుకు 80, మూడో జట్టుకు పారోక్సెటీన్ అనే వాడుకలో ఉన్న మందు, నాలుగో జట్టుకు ఉత్తుత్తి మాత్ర. పది వారాల తర్వాత ఆందోళన కొలమానంలో 160 తీసుకున్నవారికి సగటున 14.1 పాయింట్లు తగ్గింది, 80 తీసుకున్నవారికి 12.8, పారోక్సెటీన్ వారికి 11.3.

ఇక ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి సంగతి. వాళ్లకూ 9.5 తగ్గింది. డాక్టరు పట్టించుకోవడం, నయమవుతుందన్న నమ్మకం, కాలంతోపాటు జబ్బు తనంతట తగ్గుముఖం పట్టడం, ఇవన్నీ కలిసి తెచ్చిన మేలు అది. లావెండర్ నూనె సొంతంగా తెచ్చినది మిగతా నాలుగున్నర పాయింట్లే. అది తక్కువేమీ కాదు. కానీ పద్నాలుగు మొత్తాన్నీ లావెండర్ ఖాతాలో వేయకూడదు. ఇంకో రెండు విషయాలు చెప్పాలి. సిలెక్సాన్ మీద వచ్చిన పరీక్షల్లో ఎక్కువ భాగానికి డబ్బిచ్చింది దాన్ని తయారుచేసే కంపెనీయే. పైగా ఈ గొట్టం మింగితే లావెండర్ వాసనతో తేన్పులు వస్తాయి. తనకు దక్కింది అసలు మందో ఉత్తుత్తిదో తేన్పును బట్టి పసిగట్టే అవకాశం ఉంటుంది.

గొట్టం కథలో గ్రాహకం సంగతికి వస్తే, ఇది కగోషిమా కథ కాదు. సిలెక్సాన్ ప్రభావం ఒకటి రెండు వారాలకు మొదలై మెల్లగా పెరుగుతుంది. బెంజోడయజపీన్ స్థానం మీద పనిచేసేదైతే గంటలోపే తెలియాలి. మత్తు కూడా కనపడలేదు. 2013లో జర్మన్ పరిశోధకులు వేరే వివరణ చూపారు. నాడీకణాల కొసల్లో కాల్షియం లోపలికి వచ్చే దారులుంటాయి. కాల్షియం వచ్చినప్పుడే కణం ప్రేరణ రసాయనాలను బయటికి వదులుతుంది. సిలెక్సాన్ ఈ దారులను కొంత మూసి ఆ విడుదలను తగ్గిస్తోందని, అదీ చాలా తక్కువ సాంద్రతలోనే అని వాళ్లు కనుగొన్నారు. అలా ఒకే నూనెకు ముక్కు దారిలో ఒక కథ, పొట్ట దారిలో ఇంకో కథ ఉన్నాయి. ఒకదాని రుజువును తెచ్చి ఇంకోదానికి అంటించడం ప్రకటనల్లో మామూలే. సీసా మూత మీద వాసన గురించి రాసి, ఆధారంగా గొట్టం పరీక్షను చూపిస్తారు.

వాసన ఒక్కదాన్నే మనుషుల మీద చూసిన ఒక పరీక్ష మాత్రం నాకు నచ్చింది. ఇంగ్లాండ్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చిన 340 మంది మీద చేసి, 2010లో ప్రచురించారు. కొన్ని పూటలు వేచి ఉండే గదిలో నీళ్లలో లావెండర్ చుక్కలు వేసి వేడిచేశారు, మిగతా పూటలు వేయలేదు. వచ్చినవాళ్లను రెండు సంగతులు అడిగారు. ఈ క్షణాన ఎంత ఆందోళనగా ఉంది? పన్ను తీయడం, డ్రిల్లు పెట్టడం వంటివి తలచుకుంటే ఎంత భయం? వాసన ఉన్న పూటల్లో మొదటి జవాబు మెరుగ్గా వచ్చింది. రెండోదాంట్లో తేడా లేదు. కుర్చీలో కూర్చున్న ఆ కాసేపటి గుండె దడ తగ్గిందే గానీ, పంటి వైద్యం మీద భయం అలాగే ఉంది. ఎలుక ప్రయోగంతో ఇది పొసగుతుంది. అక్కడా చూసింది పీల్చిన తర్వాతి కాసేపే. ఆపరేషన్ బల్ల ఎక్కేముందు పేషెంటును కుదుటపరచడానికి ఇలాంటిది పనికిరావచ్చని కగోషిమా బృందం సూచించడానికీ కారణం అదే. నెలల తరబడి వేధించే ఆందోళన రుగ్మతకు వాసన చికిత్స అవుతుందని ఈ రెండు పరీక్షలూ చెప్పడం లేదు. అయితే ఈ తరహా పరీక్షలకు తప్పించుకోలేని లోపం ఒకటుంది. లావెండర్ వాసన వస్తోందో లేదో కూర్చున్న మనిషికి తెలిసిపోతుంది. ఉత్తుత్తి మాత్ర చేయవచ్చు గానీ ఉత్తుత్తి వాసన చేయడం కష్టం.

ఇక సీసా సంగతి. కొనేటప్పుడు లాటిన్ పేరు చూడాలి. లావండ్యులా అంగుస్టిఫోలియా అని ఉంటే అది అసలు లావెండర్. జమ్మూలోని భదర్వా రైతులు ఈమధ్య మొక్కజొన్న మాని వేస్తున్నదీ లావెండరే. లావాండిన్ అనే సంకర జాతి నూనె చవక, దిగుబడి ఎక్కువ. కానీ అందులో కర్పూరం పాలు ఎక్కువ, కర్పూరం నాడులను శాంతపరిచేది కాదు, రేపేది. లినలూల్ ఒక్కటే కావాలంటే అంత దూరం వెళ్లక్కర్లేదు, మన వంటింటి ధనియాల నూనెలో సగానికి మించి ఉండేది అదే. కాకపోతే లావెండర్‌లో ఉండే లినలూల్‌కు ధనియాలలోనిది అద్దంలో ప్రతిబింబం లాంటి రూపం. పరమాణువులు అవే, అమరిక కుడిఎడమలు తారుమారు. ముక్కు ఈ రెంటినీ వేరువేరుగా గుర్తుపడుతుంది. కాబట్టి ఒకదాని ఫలితాన్ని రెండోదానికి ఆపాదించడానికి వీల్లేదు. చారు పొంగుతుంటే వచ్చే ధనియాల ఘుమఘుమకు మనసు తేలికపడితే, అందులో లినలూల్ వాటా ఎంతో ఆకలి వాటా ఎంతో కొలిచినవాళ్లు నాకు తెలిసి లేరు.

మూత తీసిన సీసా నెలల తరబడి అలా ఉంచితే లినలూల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోపెరాక్సైడ్లుగా మారుతుంది. చర్మం మీద దద్దుర్లు, దురద తెచ్చే అలర్జీకి తాజా లినలూల్ కంటే ఇవే పెద్ద కారణం. అందుకే ముదురు రంగు సీసా, బిగుతైన మూత, చల్లని చోటు. పాతబడిన నూనెను ఒంటికి రాసుకోకపోవడం మంచిది. కుంపటిలో వేసుకునే ఆ నూనెను నోట్లో వేసుకోవడం అసలే తగదు. జర్మనీ గొట్టం లోపల ఉన్నది కొలిచి, శుద్ధి చూసి నింపిన ఎనభై మిల్లీగ్రాములు. అంటే రెండు మూడు చుక్కలంత. సీసాను చెంచాలో వంపితే అంతకు ఎన్నో రెట్లు పడుతుంది, పిల్లల చేతికి దొరికితే అది విషమే. ఇప్పటికే బెంజోడయజపీన్ మాత్రలు వాడుతున్నవాళ్లు లావెండర్ దొరికిందని వాటిని ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది. వాటిని తగ్గించాలంటే రాసిన డాక్టరే వారాల మీద మోతాదు కొద్దికొద్దిగా దించాలి.